మొక్క వాలింది, కాటా ఏమంటోంది?

ఫిబ్రవరి 8

ఇది మా ఇంట్లో మూడో పీస్ లిల్లీ. మొదటిదానికి రోజూ పొద్దున్న ట్రైనుకి పరిగెత్తే ముందు గ్లాసుడు నీళ్ళు పోసేదాన్ని, కుళ్ళిపోయింది. రెండోదానికి ఆదివారం, బుధవారం అని కేలండర్‌లో గుర్తు పెట్టుకుని మరీ పోశాను. వానాకాలం అంతా బాగానే ఉండి చలికాలంలో అదీ కుళ్ళింది. వానాకాలంలో సరిపోయిన లెక్క డిసెంబరులో ఎక్కువైపోయిందని అప్పుడు తట్టలేదు.

ఈసారి కేలండర్ పక్కన పెట్టేశాను. పీస్ లిల్లీకి దాహం వేస్తే ఆకులన్నీ గొడుగు ముడిచినట్టు కిందికి వాల్చేస్తుందని, నీళ్ళు తగిలితే మళ్ళీ లేస్తుందని పెంచేవాళ్ళందరికీ తెలిసిందే. మరి అది వాలినప్పుడే పోస్తే సరిపోతుందా? ఎంత వాలినప్పుడు పోయాలి? వాలిన ప్రతిసారీ దాహమేనా? ఈ మూడూ తేల్చుకోవాలని ఈ డైరీ.

సామగ్రి పెద్దగా ఏం లేదు. నర్సరీలో కొన్న మొక్కని రెండు వారాల కిందటే ఏడంగుళాల ప్లాస్టిక్ కుండీలోకి మార్చాను. రెండు పాళ్ళు కోకోపీట్, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు బఠాణీ గింజంత ఇటుక ముక్కలు. పిండివంటలకి వాడే డిజిటల్ కాటా, ఐదు కిలోల దాకా తూచేది. కొత్త చీపురు నుంచి లాగిన ఒక పుల్ల. బయటి వరస ఆకుల్లో మూడింటి కాడలకి ఎర్ర దారం కట్టాను. ఆ మూడు ఆకుల కొసలు కుండీ అంచు నుంచి ఎంత ఎత్తున ఉన్నాయో మా చిన్నాగాడు స్కూలు స్కేలు పెట్టి కొలుస్తాడు. తొమ్మిదో క్లాసు, సైన్సు ప్రాజెక్టుకి పనికొస్తుందని వాడి ఆశ.

ఇవాళ అడుగు కన్నాల్లోంచి కారేదాకా నీళ్ళు పోసి, గంటసేపు వార్చి, తూచాం. 2,420 గ్రాములు. దారం ఆకుల ఎత్తు సగటున 31 సెంటీమీటర్లు. హాల్లో పడమటి కిటికీకి నాలుగడుగుల దూరంలో స్టూలు మీద పెట్టాం.

ఫిబ్రవరి 13

1,900. ఆకుల్లో మార్పేం లేదు. అంటే రోజుకి నూరు గ్రాములు అటూ ఇటూగా నీళ్ళు పోతున్నాయి. పైమట్టి వేలికి పొడిగా తగులుతోంది. నేనైతే ఇదివరకు ఈపాటికి రెండుసార్లు పోసి ఉండేదాన్ని. చీపురు పుల్ల అడుగుదాకా గుచ్చి తీస్తే కింది సగం ముదురు రంగులో తడిగా వచ్చింది, కోకోపీట్ పొట్టు అంటుకుని ఉంది. పైన చూసి లోపలి సంగతి చెప్పలేమన్నమాట.

ఫిబ్రవరి 16, పొద్దున్న ఆరున్నర

1,590. దూరం నుంచి చూస్తే ఏం తెలీదు. దగ్గరికెళ్తే దారం కట్టిన మూడు ఆకులూ కొంచెం బయటికి ఒరిగాయి. కొలిస్తే 27 సెంటీమీటర్లు. ఇంకో సంగతి, ఆకు పైన ఉండే నిగనిగ తగ్గింది. వేళ్ళ మధ్య పట్టుకుంటే నిన్నటిదాకా కొత్త నోటులా ఉన్న ఆకు ఇవాళ నలిగిన నోటులా మెత్తగా ఉంది. మధ్యలో ఉన్న లేత ఆకులు మాత్రం నిటారుగానే ఉన్నాయి.

మామూలుగా అయితే ఇప్పుడే పోయాలి. కానీ చివరిదాకా వెళ్తే ఏమవుతుందో ఒక్కసారి చూడాలి కదా. పోయలేదు.

ఫిబ్రవరి 17

రాత్రి ఏడున్నరకి ఆమదాలవలస నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నానో లేదో, అత్తయ్య గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏటమ్మా, మొక్క పడిపోనాది! నువ్వు నీల్లెయ్యొద్దన్నావని ఊరకున్నాను గానీ, మద్దినేల నుంచి ఉసూరుమంటంది."

నిజంగానే పడిపోయింది. ఒక్క ఆకూ నిలబడి లేదు. కుండీ చుట్టూ జుట్టు విరబోసినట్టు వేలాడుతున్నాయి. కొసలు స్టూలుని తాకుతున్నాయి. తెల్లపువ్వు కాడ కూడా మెడ వంచేసింది. కాటా మీద 1,440. నిన్న పొద్దుటికీ ఇప్పటికీ తేడా 150 గ్రాములే. అంటే ఎనిమిది రోజులు ఏమీ చెప్పని మొక్క ఆఖరి ఒకటిన్నర రోజులో కుప్పకూలింది.

ఎందుకిలా అవుతుందో చిన్నాకి పాల ప్యాకెట్‌తో చూపించాను. నిండు ప్యాకెట్‌ని నిలబెడితే బిర్రుగా నిలబడుతుంది. గ్లాసుడు పాలు తీసేస్తే నడుం వంగిపోతుంది. పీస్ లిల్లీ కాడలో మామిడి కొమ్మలా చెక్క ఉండదు. సన్నటి గదుల్లో నిండిన నీటి ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. వేర్లు తాగేదానికన్నా ఆకులు ఆవిరిగా వదిలేది ఎక్కువైతే ఆ ఒత్తిడి తగ్గుతుంది, ప్యాకెట్ సడలుతుంది. అత్తయ్య విని, "చేమాకులాగన్నమాట" అంది. ఆవిడన్నది సరిగ్గా నిజం. చేమ, కంద, ఇదీ ఒకే కుటుంబం. కొరికితే నోరు దురదపెట్టే గుణం కూడా అదే, కాబట్టి చిన్నపిల్లలకీ పిల్లికీ అందకుండా ఉంచాలి.

ఇక నీళ్ళు. 600 మిల్లీలీటర్లు కొలిచి పైనుంచి పోశాను. పది సెకన్లలో అడుగు పళ్ళెం నిండిపోయింది. అత్తయ్య "చాలు చాలు, తాగీసింది" అంది. నాకూ అలాగే అనిపించింది. అలవాటుగా కాటా మీద పెడితే 1,610. పోసినవి 600, కుండీలో మిగిలినవి 170. మిగతా 430 పళ్ళెంలో ఉన్నాయి. పుల్ల గుచ్చితే మధ్యలో ఎండు పొడి వచ్చింది.

కోకోపీట్ బాగా ఎండితే కుంచించుకుపోయి కుండీ గోడ నుంచి విడిపోతుంది, పైగా నీటిని తొందరగా పీల్చుకోదు. పోసిన నీళ్ళు ఆ సందులోంచి జారి కిందికి వచ్చేస్తాయి. కింద నీళ్ళు కారాయి కాబట్టి తాగిందనుకుంటాం. కాటా లేకపోతే నేనూ అనుకునేదాన్నే. రేపు పొద్దున్న ఇంకా వాలి ఉంటే, నీళ్ళు పోసినా లేవలేదని కంగారుపడి మళ్ళీ మళ్ళీ పోసేదాన్ని.

ప్లాస్టిక్ టబ్బులో నాలుగంగుళాల నీళ్ళు పట్టి కుండీని అందులో కూర్చోబెట్టాం. మొదట బుడగలు వచ్చాయి. నలభై నిమిషాలకి పైమట్టి నల్లబడింది. తీసి వార్చి తూస్తే 2,390.

రాత్రి పదింటికి ఇంకా అలాగే ఉంది. పొద్దున్న ఆరింటికి లేచి చూస్తే నిలబడింది. ఒక్క కింది ఆకు తప్ప.

ఫిబ్రవరి 24

ఆ కింది ఆకు పసుపెక్కి పోయింది. ఇంకో రెండు ఆకుల కొసలు గోధుమరంగుకి తిరిగాయి. మొక్క లేచిందని సంబరపడ్డాం గానీ, పూర్తిగా పడిపోవడం ఊరికే పోలేదు. మట్టి అంతగా ఎండితే నీళ్ళు పీల్చే సన్నటి వేళ్ళు కొన్ని చచ్చిపోతాయి, దాని ఖరీదు వారం తర్వాత ఆకుల్లో కనపడుతుంది. కాబట్టి నాకు కావాల్సిన సంకేతం 17వ తేదీ నాటకం కాదు, 16 పొద్దుటిది. బయటి ఆకులు నాలుగు సెంటీమీటర్లు దిగి, నిగనిగ తగ్గి, మధ్య ఆకులు ఇంకా నిటారుగా ఉన్న స్థితి. మా ఇంట్లో దానికి "ఒరగడం" అని, ఆ రెండోదానికి "పడటం" అని పేర్లు పెట్టుకున్నాం.

మార్చి 20

నాలుగు విడతలయ్యాయి. ప్రతిసారీ ఒరిగినప్పుడే పోశాం. ఒరిగిన రోజు బరువులు వరసగా 1,590, 1,600, 1,570, 1,600. మొదటి రెండు విడతలకి ఎనిమిదేసి రోజులు పట్టింది, తర్వాత రెండిటికి ఏడేసి. రోజులు మారుతున్నాయి గానీ బరువు మాత్రం దాదాపు ఒకేచోట ఆగుతోంది. ఎండలు ముదిరేకొద్దీ, ఫ్యాను తిరిగేకొద్దీ రోజులు ఇంకా తగ్గుతాయి. నా పాత కేలండర్ పద్ధతి ఎందుకు కొంప ముంచిందో ఈ ఒక్క వరసలో ఉంది.

ఒరిగినప్పుడు పోస్తే పైనుంచి పోసినా చక్కగా ఇంకుతోంది, ఎందుకంటే కోకోపీట్ అప్పటికింకా పూర్తిగా ఎండలేదు. 850 పోస్తే 800 దాకా లోపలే ఉంటున్నాయి. రెండు గంటల్లో ఆకులు లేస్తున్నాయి. పసుపు ఆకులు కొత్తగా లేవు. పళ్ళెంలో కారినవి వెంటనే పారబోస్తున్నాం.

కొసలు ఎండటం మాత్రం ఆగలేదు. అది మా బోరు నీళ్ళ ఉప్పు పని అని నా అనుమానం. నెల నుంచి తాగే నీళ్ళ క్యానులోవే పోస్తున్నాను, కొత్త ఆకులకి కొసలు బాగున్నాయి. ఆ లెక్క వేరు, దాన్ని దాహంతో కలపకూడదు.

ఏప్రిల్ 9

సెలవు. మధ్యాహ్నం రెండింటికి భోంచేసి హాల్లోకొస్తే మొక్క వాలి ఉంది. బయటి ఆకులే కాదు, మధ్యవీ మెత్తబడ్డాయి. నీళ్ళు పోసి మూడు రోజులే అయింది. చెంబు తేబోయిన చిన్నాని ఆపి కాటా తెమ్మన్నాను. 2,010. ఇంకా నాలుగొందల గ్రాములు వాడుకోడానికి ఉన్నాయి. పుల్ల మూడొంతులు తడిగా వచ్చింది.

స్టూలు మీదికి చూస్తే కారణం దొరికింది. సూర్యుడు ఉత్తరానికి జరిగాడు కదా, ఫిబ్రవరిలో గోడ మీద పడే ఎండ ఇప్పుడు పడమటి కిటికీలోంచి నేరుగా మొక్క మీద పడుతోంది. వేళ్ళు ఆరోగ్యంగా ఉన్నా, మట్టిలో నీళ్ళున్నా, ఆకులు వదిలే వేగాన్ని అవి అందుకోలేకపోతున్నాయి. తెర లాగేసి, స్టూలు ఇంకో మూడడుగులు లోపలికి జరిపాం. ఒక్క చుక్క పోయలేదు. ఆరున్నరకల్లా దానంతటదే లేచింది.

అందుకని డైరీలో ఒక కొత్త నియమం రాసుకున్నాం. మధ్యాహ్నం వాలితే సాయంత్రం దాకా ఆగాలి. నిజమైన దాహం ఎండ దిగాక కూడా ఉంటుంది. నమ్మదగిన చూపు పొద్దున్నదే, ఎందుకంటే రాత్రంతా ఆకులు తక్కువ నీటిని వదిలి వేళ్ళు తీరిగ్గా నింపుకుని ఉంటాయి. పొద్దున్న కూడా ఒరిగి ఉందంటే అది దాహమే. అలా అనుకున్నాను అప్పటికి.

మే 1

ఆఫీసు ట్రైనింగుకి హైదరాబాద్‌లో పన్నెండు రోజులు ఉండి నిన్న రాత్రి వచ్చాను. చిన్నా వాళ్ళ నాన్నతో అమ్మమ్మగారింటికి వెళ్ళాడు. కాటా అలమరలో ఉంది. మొక్క అత్తయ్య చేతిలో ఉంది.

మొక్క నిలబడే ఉంది. బరువు 2,480. నేనెప్పుడూ చూడనంత. పళ్ళెం అంచుదాకా నీళ్ళు, అందులో దోమ పిల్లలు. అత్తయ్యని అడిగాను.

"మరేటి చేస్తాను? నువ్వూ లేవు, గుంటడూ లేడు. పడిపోతే నన్నంటారని పొద్దుటో గలాసు, మాపటికో గలాసు ఏసేను. మరి పడనేదు కదా!"

పడలేదు, నిజమే. కింద రెండు ఆకులు మాత్రం లేత పసుపుకి తిరిగాయి. పళ్ళెం పారబోశాను.

మే 4

నిన్న సాయంత్రం ఒరిగింది. కాటా పెడితే 2,350. ఎండ తగలట్లేదు, తెర వేసే ఉంది. పొద్దుటిదాకా ఆగుదామని పడుకున్నాను. ఇవాళ పొద్దున్న ఆరింటికి చూస్తే ఇంకా ఎక్కువ వాలింది. కుండీ బరువుగా ఉంది, రాత్రి గడిచింది, అయినా లేవలేదు. నేను ఏప్రిల్‌లో రాసుకున్న నియమం ప్రకారం ఇది దాహం. కాటా ప్రకారం కాదు. ఇక్కడ నియమం విని ఓ చెంబు పోసి ఉంటే మూడో మొక్క కూడా పోయేది. మొదటిది చచ్చింది సరిగ్గా ఇలాగే అని ఇప్పుడు అర్థమవుతోంది. అది వాలింది, నేను పోశాను. ఇంకా వాలింది, ఇంకా పోశాను.

ఆఫీసుకి సెలవు పెట్టి పెరట్లో పేపరు పరిచి కుండీ బోర్లించాను. ముందు వాసన వచ్చింది, మురిక్కాలవ దగ్గర వచ్చేలాంటిది. మట్టిముద్ద పైసగంలో వేళ్ళు మీగడ రంగులో, గట్టిగా ఉన్నాయి. కింది రెండంగుళాల్లోవి గోధుమరంగులో జారుడుగా ఉన్నాయి. ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగితే పై తోలు సర్రున ఊడొచ్చి లోపల దారంలాంటిది మిగిలింది. కుళ్ళిన వేరుకి ఇంతకన్నా గుర్తు అక్కర్లేదు. మట్టిలో సందులన్నీ నీటితో నిండితే వేళ్ళకి గాలి ఆడదు, ఊపిరాడని వేరు చచ్చి కుళ్ళుతుంది, చచ్చిన వేరు నీటి మధ్యనున్నా పైకి పంపలేదు. అందుకే నిండు కుండీలో ఉండి దాహంతో వాలింది. ఆకుల దాకా వెళ్తే రెండు జబ్బులూ ఒకటే, అక్కడ నీళ్ళు లేవు. అందుకే రెండిటికీ ఒకే వేషం వేస్తుంది.

కత్తెరని స్పిరిట్‌తో తుడిచి కుళ్ళినవన్నీ గట్టి భాగం వచ్చేదాకా కత్తిరించాను. మూడోవంతు వేళ్ళు పోయాయి. ఉన్న వేళ్ళు మోయగలిగినన్ని ఆకులే ఉంచాలి కాబట్టి పసుపువీ, పాతవీ కలిపి ఐదు ఆకులు, పువ్వు తీసేశాను. తగ్గిన వేళ్ళకి ఏడంగుళాల కుండీ పెద్దదవుతుంది, తాగనివాళ్ళ ముందు నీళ్ళు పెట్టినట్టు తడి నిలిచిపోతుంది. ఆరంగుళాలది తీసుకుని, పాత మట్టి పారేసి, ఇటుక ముక్కలు ఈసారి రెండు పాళ్ళు వేసి కలిపిన కొత్త మిశ్రమంలో పెట్టాను. కొద్దిగా తడిపి తూస్తే 1,600. నీడగా ఉండే వంటింటి పక్క వసారాలో పెట్టాను.

దీంతో పాత బరువులన్నీ చెల్లవు. 1,590 అన్నది ఆ కుండీకీ, ఆ మట్టికీ, ఆ సైజు మొక్కకీ చెందిన అంకె. ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి.

అత్తయ్య అరుగు మీద కూర్చుని అంతా చూసింది. కత్తిరించిన వేళ్ళని చీపురుతో ఎత్తుతూ, "నీల్లెక్కువైతే కూడా దాహమేస్తాదా ఏటి" అంది. కోపంగా కాదు. కొంచెం బాధగా.

మే 14

పదిరోజులూ మొక్క సగం వాలే ఉంది. ఈ రోజుల్లో వాలడాన్ని సంకేతంగా లెక్కపెట్టలేదు. తెగిన వేళ్ళు ఆకులకి సరిపడా పంపలేవు కాబట్టి తడి ఉన్నా వాలుతుంది. పూర్తిగా కాటానీ పుల్లనీ నమ్మాను. ఇవాళ 1,250. పుల్ల కొస ఒక అంగుళం మాత్రమే తడి. నిండా పోస్తే వార్చాక 1,680. మొదలు దగ్గర చుట్టలా చుట్టుకున్న కొత్త ఆకు ఒకటి, అగ్గిపుల్లంత.

మే 24

పొద్దున్న 1,200. నిన్నటిదాకా నిటారుగా ఉన్న బయటి ఆకులు ఒరిగాయి, నిగనిగ తగ్గింది, మధ్యవి నిలబడే ఉన్నాయి. తేలిక కుండీ, ఒరిగిన ఆకు, పొద్దుటి పూట. మూడూ ఒకే మాట చెప్పడం నెల తర్వాత ఇదే మొదటిసారి. పోశాను. ట్రైను ఎక్కాక చిన్నా ఫోటో పంపాడు, తొమ్మిదింబావుకి. లేచి ఉంది.

జూన్ 1

సాయంత్రం వచ్చేసరికి అత్తయ్య వసారాలో కుండీ అంచు పట్టుకుని ఒక చేత్తో పైకెత్తి దింపుతోంది. నన్ను చూసి, "ఇంకా బరువుగానే ఉంది. రెండ్రోజులాగు" అంది. చిన్నా నవ్వుతూ కాటా తెచ్చాడు. 1,310. రోజుకి యాభై లెక్కన చూస్తే 1,200కి రెండు రోజుల పైమాటే.

జూన్ 3

పొద్దున్న ఆరున్నర. 1,210. ఒరిగింది. నేను లేచేసరికే చెంబు కుండీ పక్కన పెట్టి ఉంది, నిండుగా. పోయలేదు. నేను చూసేదాకా ఆగింది.